‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’, ‘వుయ్ విల్ రివర్ట్’: ఆఫీసు ఉత్తరాల మర్యాదను తెలుగులో పలికించే పద్ధతి

మన దేశంలో ఆఫీసుల మధ్య నడిచే ఇంగ్లీషు ఉత్తరాలలో రెండు వాక్యాలు తరచుగా ఎదురవుతాయి. ఒకటి ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’, రెండవది ‘వుయ్ విల్ రివర్ట్’. మొదటిది ఒకప్పుడు బ్రిటన్‌లో కూడా మామూలు వాడుకే. అక్కడ క్రమంగా పాతబడిపోయింది, ఇక్కడి కచేరీలలోను, కంపెనీలలోను మాత్రం నిలిచిపోయింది. రెండవదానిలో ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం అనే అర్థం మన ఉపఖండంలోను, సింగపూరు, మలేషియాల వంటి కొన్ని చోట్లను బాగా వ్యాపించింది. ఇంగ్లీషు నిఘంటువు మొదట చూపే అర్థం వేరు: పూర్వస్థితికి తిరిగిపోవడం.

వీటిని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు పదానికి పదం పెట్టేవారు ‘దయతో అవసరమైనది చేయండి’ అని, ‘మేము తిరిగి వస్తాము’ అని రాస్తారు. మొదటి వాక్యం చదివినవారికి ఏం చేయాలో తెలియదు, రెండవది చదివినవారు ఎవరో మనుషులు వస్తారనుకుని ఎదురుచూస్తారు. అసలు వాక్యాలలో ఉన్నది సమాచారం కన్నా మర్యాద. ఆ మర్యాద వెనుక ఒక పని, ఒక వ్యక్తి, ఒక గడువు దాగి ఉంటాయి. వాటిని బయటికి తీసి, ఆ మర్యాదను తెలుగు క్రియాపదం చివరిభాగంలో చూపించడమే అనువాదకుడు చేయవలసినది. అది ఎలాగో ఒక ఉత్తరాన్ని పట్టుకుని చూద్దాం.

ఉదాహరణకు తీసుకున్న ఉత్తరం

విజయవాడలోని ఒక చిన్న వ్యాపారి హైదరాబాదులోని ఒక కంపెనీకి సరుకు పంపి, జూన్ 3న 214వ నంబరు బిల్లు ఇచ్చారనుకుందాం. ఆ కంపెనీకి రెండు రాష్ట్రాలలోను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. జూన్ 27న కంపెనీ అకౌంట్స్ విభాగం నుంచి ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. దాని సారాంశం ఇంతే: మీ బిల్లులో జీఎస్టీ నంబరు తప్పుగా ఉంది, కైండ్లీ డు ద నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్, పేమెంటు విషయం మా మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి వుయ్ విల్ రివర్ట్. వ్యాపారికి ఇంగ్లీషు అంతగా రాదు. దీన్ని ఆయనకు తెలుగులో రాసి ఇవ్వాలి, ఆయన జవాబును కూడా సిద్ధం చేయాలి.

మొదటి మెట్టు: ‘నీడ్‌ఫుల్’ లోపల ఉన్న పనులను విడదీయడం

ఈ మాటకు విడిగా అర్థం లేదు. దానికి ముందు వాక్యంలోనో, జతచేసిన కాగితంలోనో అర్థం ఉంటుంది. అందుకని ముందుగా వెనక్కి చదవాలి. మన ఉదాహరణలో ముందు వాక్యం జీఎస్టీ నంబరు తప్పు అంటోంది. బిల్లు తీసి చూస్తే కొనుగోలుదారు నంబరు 37తో మొదలవుతోంది. పదిహేను అక్షరాలుండే ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. 37 ఆంధ్రప్రదేశ్‌ది, 36 తెలంగాణది. సరుకు దిగింది హైదరాబాదు గోదాములో కనుక 36తో మొదలయ్యే నంబరు పడాలి.

ఇక్కడితో ఆగితే ‘నంబరు మార్చండి’ అని తెలుగు చేసి ఊరుకుంటాము, అది సగం పనే అవుతుంది. కొనుగోలుదారు నంబరు ఆంధ్రప్రదేశ్‌ది అనుకుని బిల్లు చేశారు కాబట్టి, అందులో పన్నును కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని రెండు ముక్కలుగా వేసి ఉంటారు. సరుకు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్లింది కనుక అక్కడ ఐజీఎస్టీ ఒక్కటే పడాలి. అంటే పన్ను వరుస కూడా మారాలి. ఇక మూడవది, జూన్ నెల అమ్మకాలను చూపే జీఎస్టీఆర్-1లో ఈ బిల్లు సరైన నంబరు మీద ఎక్కాలి, లేకపోతే కంపెనీకి ఆ పన్ను తాలూకు క్రెడిట్ కనిపించదు. నెలనెలా దాఖలు చేసేవారికి ఆ రిటర్ను గడువు తరువాతి నెల 11వ తేదీ. కాబట్టి మెయిల్‌లో ‘ఎట్ ది ఎర్లియెస్ట్’ అని మర్యాదగా అన్న మాటకు ఈ సందర్భంలో అసలు అర్థం జూలై 11 లోపల అని.

ఒక్క ‘నీడ్‌ఫుల్’ వెనుక మూడు పనులు, ఒక గడువు ఉన్నాయి. రాసినవారికి అవన్నీ తెలుసు, ఎదుటివారికి కూడా తెలిసే ఉంటాయనుకుని వాటిని ఒక్క మాటలో చుట్టేశారు. రోజూ ఇదే పని చేసే ఇద్దరు అకౌంటెంట్ల మధ్య ఆ పొదుపు చక్కగా పనిచేస్తుంది. ఆ వృత్తిలో లేని మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే మాట బరువవుతుంది. అందుకే అనువదించేముందు ఎవరు, ఏం, ఎప్పటికి అనే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఏ ప్రశ్నకైనా ఉత్తరంలో జవాబు దొరకకపోతే ఊహించి పూరించకుండా, పంపినవారికి ఫోను చేసి అడగడం మేలు.

రెండవ మెట్టు: ఉత్తరం ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో చూడడం

ఇంగ్లీషులో ఈ వాక్యం పై అధికారి నుంచి కింది ఉద్యోగికి వెళ్లినా, పౌరుడి నుంచి కలెక్టరు గారికి వెళ్లినా, ఒక సంస్థ నుంచి సమానస్థాయి సంస్థకు వెళ్లినా రూపం మారదు. ఈ సౌలభ్యమే దాన్ని అంతకాలం బతికించిందని నా అభిప్రాయం. తెలుగుకు ఆ సౌలభ్యం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మన భాషలో క్రియ చివర ఏం చేరిందనే దానిని బట్టి రాసినవారి స్థానం వెంటనే తెలిసిపోతుంది.

పై అధికారి ఫైలును కిందికి పంపేటప్పుడు ఆ వాక్యానికి తెలుగు కచేరీలలో సిద్ధంగా ఉన్న రూపం ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’. ఇందులో వేడికోలు లేదు, కసురూ లేదు. పంపినది ఎవరో చెప్పకుండా పని మాత్రం చెబుతుంది. గడువు ఉంటే ‘ఫలానా తేదీలోగా చర్య తీసుకుని నివేదిక సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది’ అవుతుంది. పౌరుడు అధికారికి రాసే అర్జీలో అదే భావం ‘తగు చర్య తీసుకోవలసినదిగా ప్రార్థిస్తున్నాను’ అని ఉంటుంది. సమాన స్థాయిలో, ఉదాహరణకు మన కంపెనీకి, వ్యాపారికి మధ్య, ‘సరిచేసి పంపగలరు’ అనడం సరిపోతుంది.

నోటితో చెప్పే సందర్భం వేరు. అక్కడ తెలుగువారి మర్యాదను ఎక్కువగా మోసేది ‘పెట్టు’ అనే సహాయక్రియ. ‘ఆ బిల్లు సంగతి కాస్త చూసిపెట్టండి’, ‘ఆ సంతకం పని చేయించిపెట్టండి’ అన్నప్పుడు, పని మీది, మేలు మాది అనే భావం ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. ‘నీడ్‌ఫుల్’ వాక్యానికి ఇంతకంటె దగ్గరైన మాట నోటి తెలుగులో నాకు కనిపించదు. దాన్ని కచేరీ ఉత్తరంలో రాయలేము గాని, ఫోనులోను, తెలిసినవారికి పంపే సందేశంలోను ధైర్యంగా వాడవచ్చు.

మూడవ మెట్టు: ‘కైండ్లీ’ని ఎక్కడ పెట్టాలి

చాలామంది ‘కైండ్లీ’ కనబడగానే ‘దయచేసి’ అని వాక్యం మొదట్లో అతికిస్తారు. ఒకసారైతే తప్పు లేదు. కానీ ఇంగ్లీషు ఉత్తరంలో ప్రతి వాక్యానికీ ‘కైండ్లీ’ ఉన్నంత మాత్రాన తెలుగులో ప్రతి వాక్యానికీ ‘దయచేసి’ పెడితే బోర్డు మీది హెచ్చరికలా వినిపిస్తుంది. ‘దయచేసి బిల్లు సరిచేయండి, దయచేసి త్వరగా పంపండి’ అన్నప్పుడు చదివేవారికి విసుగే వినబడుతుంది.

తెలుగులో ‘గలరు’, ‘వలసినదిగా కోరుతున్నాము’, ‘ప్రార్థిస్తున్నాను’ అనే ముగింపులలోనే ‘కైండ్లీ’ ఇమిడి ఉంది. అందుచేత ముగింపు సరిగ్గా ఎంచుకుంటే ‘దయచేసి’ని వదిలేయవచ్చు. వదిలేసిన తరువాత వాక్యం కటువుగా తోస్తే మాత్రమే తిరిగి చేర్చాలి.

‘గలరు’ వాడేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆ రూపానికి ‘చేసే శక్తి ఉంది’ అనే అర్థం కూడా ఉంది. ‘మీరు ఈ లోపాన్ని మూడు రోజులలో సరిచేయగలరు’ అని రాస్తే అది కోరికో, మీకు ఆ సామర్థ్యం ఉందని పొగడ్తో తేలదు. పట్టుకునే పద్ధతి సులువు: వాక్యం చివర ‘అని కోరుతున్నాము’ చేర్చి చదవాలి. అప్పుడు మనం చెప్పదలచినది సూటిగా వస్తే ‘గలరు’ ఉంచవచ్చు. మీమాంస మిగిలితే ‘సరిచేయవలసినదిగా కోరుతున్నాము’ అని మార్చాలి. సాధారణంగా ‘మీరు’ అనే కర్తను తీసేసి ‘మూడు రోజులలో సరిచేసి పంపగలరు’ అంటే ఆ అనుమానం చాలావరకు పోతుంది. అలాగే, స్థాయిలో చాలా పెద్దవారికి రాసే అర్జీలో ‘పంపగలరు’ మీద ఆగిపోతే కొందరికి ముక్తసరిగా అనిపిస్తుంది, అక్కడ ‘ప్రార్థిస్తున్నాను’ దాకా వెళ్లడమే మంచిది.

నాలుగవ మెట్టు: ‘రివర్ట్’ ఏ అర్థంలో వచ్చిందో తేల్చుకోవడం

ఇక్కడ జాగ్రత్త అవసరం, ఎందుకంటే పొరపాటు పడితే పనే తలకిందులవుతుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ‘రివర్ట్’ అంటే చేసిన మార్పును తీసేసి పాత రూపానికి తేవడం. మన ఆఫీసు నుంచి విదేశీ కస్టమరుకు ‘మీరడిగిన మార్పుల మీద సోమవారం రివర్ట్ అవుతాం’ అనే అర్థంలో ఇంగ్లీషు వాక్యం వెళితే, అప్పటికే చేసిన మార్పులన్నీ సోమవారం తీసేస్తారేమోనని అవతలివారు కంగారుపడే అవకాశం ఉంది.

గుర్తుపట్టడానికి ఆ క్రియ తరువాత ఏం వచ్చిందో చూడాలి. దాని తరువాత నేరుగా ఒక వస్తువు వస్తే, అంటే మార్పునో, సెట్టింగునో, ఫైలునో రివర్ట్ చేస్తామంటే, అర్థం ‘పూర్వస్థితికి తెస్తాము’. ‘టు’ తరువాత ఒక పాత స్థితి వస్తే కూడా అంతే. ‘టు యూ’ అని మనిషి వస్తే, లేదా ‘విత్’ అని వివరాలు వస్తే, లేక వాక్యం అక్కడితో ఆగిపోతే అది జవాబు. మన మెయిల్‌లో వాక్యం అక్కడితో ఆగింది, పైగా ‘మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి’ అని ముందుంది. కనుక జవాబు అనే తీసుకోవాలి.

ఆ జవాబు ఎంత గట్టి మాట అన్నది తరువాతి ప్రశ్న. తేదీ ఉంటే అది వాగ్దానం. ‘బుధవారంలోగా మీకు తెలియజేస్తాము’ అని నిక్కచ్చిగా రాయాలి. తేదీ లేకపోయినా, జవాబుకు ముందు ఏం చేస్తారో చెప్పి ఉంటే అది నిజమైన ఉద్దేశమే. ‘పరిశీలించి తెలియజేస్తాము’, ‘మాట్లాడి తెలియజేస్తాము’ సరిపోతాయి. తేదీ లేక, పని పేరు లేక, ‘ఇన్ డ్యూ కోర్స్’ మాత్రమే ఉంటే అది చాలాసార్లు మర్యాదగా తలుపు వేయడం. దానికి ‘తగు సమయంలో తెలియజేయబడును’ అనే పాత కచేరీ వాక్యం అచ్చంగా సరిపోతుంది. ‘బడు’ చేరిన క్రియలను నేను మామూలుగా వదిలించుకుంటాను. ఎవరు చేస్తారో చెప్పకుండా దాటేయడమే దాని పని కాబట్టి, మూలంలో కూడా అదే జరుగుతున్నప్పుడు మాత్రం దాన్ని మించిన రూపం లేదు.

ఇక్కడ మంచితనంతో చేసే తప్పు ఒకటుంది. మూలంలో లేని ‘త్వరలో’ అనే మాటను తెలుగులో చేర్చడం. చదివేవారికి ఊరటగా ఉంటుందని చేరుస్తారు, కానీ దానితో రాసినవారు ఇవ్వని మాట ఇచ్చినట్లవుతుంది. వ్యాపారి ఆ ‘త్వరలో’ను నమ్మి వేరొకరికి చెక్కు ఇస్తే బాధ్యత ఎవరిది? ‘మేము’, ‘మనం’ తేడా కూడా ఇలాంటిదే. ఇంగ్లీషు ‘వుయ్’లో రెండూ ఉన్నాయి. జవాబిచ్చేది కంపెనీ కనుక ‘మేము’ అనాలి. ‘మనం మాట్లాడి తేల్చుకుందాం’ అని అంటే వ్యాపారిని కూడా చర్చలో కూర్చోబెట్టినట్లవుతుంది.

చట్టం గడువు పెట్టిన చోట ‘వుయ్ విల్ రివర్ట్’ ఆ గడువును పొడిగించలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే, మామూలుగా అది అందిన 30 రోజులలోపు సమాచారం ఇవ్వాలి, లేదా నిరాకరణకు కారణం చెప్పాలి. మధ్యలో ‘పరిశీలనలో ఉంది, రివర్ట్ అవుతాం’ అని ఒక ఉత్తరం వచ్చినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుకాదు. అలాంటి ఉత్తరాన్ని తెలుగు చేసేటప్పుడు దాన్ని జవాబుగా కాక, ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అనే సమాచారంగానే చూపించాలి.

ఐదవ మెట్టు: విప్పి చెప్పాలా, అలాగే ఉంచాలా

మనం చేస్తున్నది ఒక మనిషికి పని అర్థమయ్యేలా చెప్పడం అయితే ‘నీడ్‌ఫుల్’ను విప్పి రాయాలి. కోర్టు కాగితమో, విచారణ ఫైలులోని ఉత్తరమో, రికార్డుగా ఉండవలసిన ప్రతిదో అయితే విప్పకూడదు. మూలం అస్పష్టంగా ఉంటే అనువాదం కూడా అంతే అస్పష్టంగా ఉండాలి, ఎందుకంటే రాసినవారు ఏ పని చేయమన్నారు అనే అంశం మీదే అక్కడ తగవు నడుస్తూ ఉండవచ్చు. అప్పుడు ‘తగు చర్య తీసుకోగలరు’ అని మాత్రమే రాసి, మన వివరణ ఏమైనా ఉంటే అది అనువాదంలో భాగం కాదని తెలిసేలా విడిగా వేరే కాగితం మీద ఇవ్వాలి.

మన వ్యాపారికి కావలసినది మొదటి రకం. ఆయన చేతికిచ్చే తెలుగు ఇలా ఉండవచ్చు:

‘జూన్ 3వ తేదీన మీరు పంపిన 214వ నంబరు బిల్లులో మా జీఎస్టీ నంబరు తప్పుగా పడింది. సరుకు హైదరాబాదు గోదాముకు చేరినందున, 36తో మొదలయ్యే మా తెలంగాణ నంబరు వేసి, పన్నును ఐజీఎస్టీగా మార్చి, సరిచేసిన బిల్లును వీలైనంత త్వరగా పంపగలరు. బిల్లు సొమ్ము చెల్లింపు గురించి మా యాజమాన్యంతో మాట్లాడి తెలియజేస్తాము.’

దీని కింద, విడిగా, అనువాదకుడి మాటగా ఒక వాక్యం చేర్చాలి: జూన్ రిటర్నుకు గడువు జూలై 11 కనుక బిల్లు అంతకుముందే మారడం మంచిది, ఈ బిల్లును ఇప్పటికే రిటర్నులో చూపించి ఉంటే తరువాతి రిటర్నులో సవరణ చేయవలసి ఉంటుంది, మీ అకౌంటెంటును అడగండి. తేదీ మూల ఉత్తరంలో లేదు కాబట్టి దాన్ని కంపెనీ నోట పెట్టలేదు. ‘వీలైనంత త్వరగా’ అన్నది వాళ్ల మాట, 11వ తేదీ మన మాట. చెల్లింపు గురించిన వాక్యంలో ‘త్వరలో’ లేదని కూడా గమనించాలి, మూలంలో లేదు కనుక ఇక్కడా లేదు.

జవాబు రాయడం

వ్యాపారి నోటితో చెప్పే జవాబు బహుశా ఇలా ఉంటుంది: ‘బిల్లు మార్చి పంపిస్తాంలెండి, ఆ డబ్బుల సంగతి కూడా కాస్త చూసిపెట్టమనండి.’ దీన్ని ఇంగ్లీషు మెయిల్‌గా మార్చేటప్పుడు మళ్లీ ఆ రెండు వాక్యాలనే రాయాలనిపిస్తుంది. రాసినా మన దేశంలో ఎవరూ తప్పుపట్టరు. అయినా ‘చూసిపెట్టమనండి’లో ఒక కచ్చితమైన కోరిక ఉంది, చెల్లింపు తేదీ చెప్పమని. ‘నీడ్‌ఫుల్’ వేస్తే ఆ కోరిక మళ్లీ మూటలోకి వెళ్లిపోతుంది, అవతలివారు మళ్లీ రివర్ట్ అవుతామంటారు.

అందుకని జవాబు ముసాయిదాను ముందు తెలుగులో ఇలా రాసుకోవడం మంచిది: ‘మీరు కోరిన విధంగా సరిచేసిన బిల్లును జూలై 2వ తేదీన పంపుతున్నాము. బిల్లు అందినట్లు తెలియజేసి, చెల్లింపు ఏ తేదీన జరుగుతుందో జూలై 9వ తేదీలోగా తెలుపగలరు.’ దీన్ని ఇంగ్లీషు చేసేవారికి ఇక దాచడానికి ఏమీ మిగలదు; ఎవరు, ఏం, ఎప్పటికి అన్నీ పైకే ఉన్నాయి. మర్యాద ‘తెలుపగలరు’లో ఉంది, దానికి ఇంగ్లీషులో ఒక్క ‘ప్లీజ్’ చాలు. అవతలి అకౌంటెంటు ఎప్పటినుంచో తెలిసినవారైతే, మెయిల్ పంపాక ఫోను చేసి ‘ఏమండీ, ఆ బిల్లు సంగతి కాస్త చూసిపెట్టండి’ అని కూడా అంటే పని తొందరగా అవుతుంది.